షాపులో చూసిన టీవీ ఇంట్లో అలా ఎందుకు ఉండదు: బొమ్మ, సౌండ్ సరిచేసుకునే పద్ధతి

"తమ్ముడూ, నువ్వు పంపింది నేను చూసిన టీవీ కాదు."

పొద్దున షాపు షట్టర్ సగం ఎత్తానో లేదో, టైలర్ అక్కయ్య మెట్ల మీద నిలబడి ఉంది. జంగారెడ్డిగూడెంలో మా షాపు ఉన్న వీధి చివరే ఆవిడ మిషన్ పెట్టుకుంది. ముప్పై ఏళ్ళుగా బ్లౌజులు కుట్టి ఇద్దరు పిల్లల్ని చదివించింది కానీ ఇంట్లో టీవీ మాత్రం కొనలేదు. పక్కింట్లో సీరియల్, ఫోన్లో పాటలు, అంతే. ఇప్పుడు అత్తగారు మంచం దిగలేని స్థితికి వచ్చాక, ఆవిడ కాలక్షేపం కోసమని 43 అంగుళాల 4కె టీవీ తీసుకుంది. మూడు రోజులైంది.

"మొహాలన్నీ కుంకుమ పూసినట్టున్నాయి. అమ్మాయి తగ్గిస్తుంది, కాసేపటికి మళ్ళీ మొదటికే వస్తోంది. కింద వచ్చే అక్షరాలు సగం తెగిపోతున్నాయి. మా అత్తగారికి ఒక్క ముక్క వినపడదు, నాకేమో చెవులు దిబ్బళ్ళు పడుతున్నాయి. మార్చి ఇవ్వు."

మార్చితే వచ్చే కొత్త టీవీ కూడా అలాగే ఉంటుంది. సాయంత్రం వస్తానని చెప్పి పంపాను. మా నాన్న బ్లాక్ అండ్ వైట్ టీవీలు అమ్మే రోజుల్లో బొమ్మ పైకీ కిందికీ దొర్లుతుంటే వెనకాల గుండీ తిప్పడానికి సైకిలేసుకుని ఇళ్ళకు వెళ్ళేవారు. 1982లో రంగుల టీవీ వచ్చాక ఆ గుండీలకు ఇంకొకటి కలిసింది. ఇప్పుడు గుండీలు లేవు, అన్నీ రిమోట్‌లో మెనూల వెనక దాక్కున్నాయి. ఇళ్ళకు వెళ్ళడం మాత్రం మాకు తప్పలేదు. ఆ సాయంత్రం వాళ్ళింట్లో ఏ వరసలో ఏం చేశానో అలాగే రాస్తున్నాను. వరస ముఖ్యం. ముందుది సరిచేయకుండా తర్వాతది ముట్టుకుంటే మళ్ళీ మొదలుపెట్టాల్సి వస్తుంది.

మొదట: టీవీ ఇంకా షాపులోనే ఉన్నాననుకుంటోందా?

"తగ్గిస్తే మళ్ళీ మొదటికే వస్తోంది" అన్న మాటలోనే నాకు జబ్బు దొరికింది. కొత్త టీవీని మొదటిసారి ఆన్ చేసినప్పుడు భాష, వైఫై అడిగాక, దీన్ని ఎక్కడ వాడతారని అడుగుతుంది. తెర మీద Home అనో, Store లేదా Retail అనో ఉంటుంది. బిగించడానికి వచ్చిన కుర్రాడు తొందరలో Store నొక్కి వెళ్ళిపోయాడు. ఆ మోడ్‌లో టీవీ వెలుతురునూ రంగునూ ఆఖరికంటా పెంచి పెడుతుంది. మనం తగ్గించినా కాసేపటికి దాని పాత లెక్కకే తిరిగి వెళ్ళిపోతుంది, ఎందుకంటే షాపులో పిల్లలు రిమోట్‌తో ఆడుకున్నా బొమ్మ చెడకూడదు కదా. చాలా టీవీల్లో అప్పుడప్పుడూ తెర అంచున టీవీ గొప్పలు చెప్పే పట్టీ కూడా వస్తుంది. ఆ పట్టీ మీ ఇంట్లో కనపడుతుంటే ఇక అనుమానమే అక్కర్లేదు.

సెట్టింగ్స్‌లో General లేదా System అనే చోట ఈ మోడ్ మార్చుకోవచ్చు. అక్కడ దొరకకపోతే ఫ్యాక్టరీ రీసెట్ చేసి, మళ్ళీ అడిగినప్పుడు Home అని చెప్పడమే. రీసెట్ చేస్తే వైఫై పాస్‌వర్డ్ మళ్ళీ కొట్టాలి, యాప్‌లలో మళ్ళీ లాగిన్ అవ్వాలి. అది ముందే చెప్పి చేయాలి, లేకపోతే ఇంట్లో పిల్లలు మన మీద విరుచుకుపడతారు.

Home నొక్కగానే బొమ్మ ఒక్కసారిగా డల్ అయింది. అక్కయ్య మొహం కూడా.

"అక్కా, చీరకు మ్యాచింగ్ దారం చూడాలంటే ఏం చేస్తావు?"

"షాపు లైట్ల కింద ఎవరు చూస్తారు? గుమ్మం బయటికి తీసుకెళ్ళి ఎండలో చూస్తాం."

"మరి ఇరవై టీవీలు పక్కపక్కనే పెట్టి, పైన డజను ట్యూబులైట్లు వేసి చూపిస్తే నీకు టీవీ రంగు ఎలా తెలుస్తుంది? ఆ వెలుతురులో గట్టిగా అరిచిన టీవీయే అమ్ముడుపోతుంది. నేను కూడా అలాగే పెట్టి అమ్ముతాను, ఏం చేయను. మీ హాల్లో ఉన్నది ఒక్క బల్బు."

ఆ మాటకు కాస్త మెత్తబడింది.

తర్వాత: వైరు చూడాలి, బొమ్మ కాదు

టీవీ వెనక్కి చూస్తే కేబుల్ బాక్సు నుంచి పసుపు, ఎరుపు, తెలుపు పిన్నుల వైరు వచ్చి ఉంది. బాక్సు హెచ్‌డీదే. నెలనెలా హెచ్‌డీ ప్యాక్‌కు డబ్బులు కడుతున్నారు. కానీ ఆ పసుపు పిన్నులోంచి హెచ్‌డీ బొమ్మ రాదు, పాత నాణ్యతే వస్తుంది. నా సంచిలో ఎప్పుడూ ఒక హెచ్‌డీఎంఐ వైరు ఉంటుంది. దాన్ని పెట్టి, టీవీలో Source నొక్కి HDMI 1 ఎంచుకున్నాను.

ఆ తర్వాత కేబుల్ బాక్సు సొంత రిమోట్ తీసుకుని దాని మెనూలోకి వెళ్ళాలి. చాలామంది ఈ అడుగు వదిలేస్తారు. అక్కడ రిజల్యూషన్ 1080i గానీ 1080p గానీ ఉండాలి, తెర ఆకారం 16:9 ఉండాలి. 4:3 అని ఉంటే మనుషులు సాగి లావుగా కనపడతారు, లేదా రెండు పక్కలా నల్ల పట్టీలు వస్తాయి. ఆ తర్వాత టీవీ మెనూలో Picture Size లేదా Aspect Ratio అనే చోట Screen Fit, Just Scan లాంటి పేరుతో ఒకటి ఉంటుంది. అది పెడితే బొమ్మ మొత్తం తెర లోపలికి వస్తుంది. పెట్టకపోతే టీవీ బొమ్మను కొంచెం పెద్దది చేసి అంచులు కోసేస్తుంది. అక్కయ్య చెప్పిన తెగిన అక్షరాలు అవే. పెట్టగానే వార్తల కింద పరిగెత్తే వరస పూర్తిగా కనపడింది.

"అయినా ఈ ఛానల్ మసకగానే ఉందే," అంది వాళ్ళమ్మాయి, ఇంటర్ చదువుతోంది. అది హెచ్‌డీ ఛానల్ కాదు. మామూలు ఛానల్ బొమ్మలో అడ్డంగా 720, నిలువుగా 576 చుక్కలు ఉంటాయి. 4కె తెర మీద అడ్డంగా 3840, నిలువుగా 2160. గుణించి చూస్తే ఒక్కో చుక్కను సరిగ్గా ఇరవై చుక్కల చోటుకు సాగదీయాలి.

"జాకెట్టు ముక్కతో పరదా కుట్టమన్నట్టు," అంది అక్కయ్య.

అంతే. ఏ సెట్టింగూ ఆ గుడ్డను పెంచలేదు. అదే ఛానల్ హెచ్‌డీ నంబరు వేరే ఉంటుంది, దాన్ని వెతికి పెట్టుకోవాలి. అది లేకపోతే కుర్చీ రెండడుగులు వెనక్కి జరపాలి. 43 అంగుళాల టీవీకి హెచ్‌డీ అయితే ఐదారు అడుగుల దూరం బాగుంటుంది, మామూలు ఛానల్‌కు ఏడెనిమిది అడుగులు మేలు.

ఇప్పుడు బొమ్మ

ముందు Picture Mode. ఇందులో Vivid లేదా Dynamic, Standard, Movie లేదా Cinema అని ఉంటాయి. కంపెనీని బట్టి పేరు కాస్త మారుతుంది. నేను ఎవరింట్లోనైనా Movie లేదా Cinema తోనే మొదలుపెడతాను. అది చీకటి గదిలో సినిమాలకు మాత్రమే అనుకుంటారు కానీ, బొమ్మను తీసినవాళ్ళు చూసిన రంగుకు దగ్గరగా ఉండేది అదే. వెలుతురు చాలకపోతే పెంచుకుంటే సరిపోతుంది. Vivid నుంచి మొదలుపెట్టి పది గుండీలు తగ్గించుకుంటూ రావడం కన్నా ఇది సులువు.

ఇంకేదీ ముట్టుకోకముందే Energy Saving, గది వెలుతురును కొలిచే సెన్సర్, రెండూ ఆపేశాను. అవి ఆన్‌లో ఉంటే మనం ఒకటి పెడతాం, గదిలో లైటు మారగానే టీవీ తనంతట తాను ఇంకొకటి చేస్తుంది. అంతా పెట్టుకున్నాక కావాలంటే మళ్ళీ ఆన్ చేసుకోవచ్చు.

తర్వాత వార్తల ఛానల్ పెట్టాను. సీరియల్‌లో ప్రతి షాట్‌కూ లైటు మారుతుంది, వార్తల స్టూడియోలో గంటసేపు ఒకే లైటు. పైగా చదివేవాళ్ళు నల్ల కోటు వేసుకుంటారు, మధ్యమధ్యలో వచ్చే నాయకులంతా తెల్ల ఖద్దరు. మనకు కావలసిన నలుపూ తెలుపూ రెండూ ఉచితంగా దొరుకుతాయి.

మొదటిది Backlight. తెర వెనక ఉన్న దీపం ఎంత వెలగాలో చెప్పేది ఇదే. వందకు గాను పగలు 70, రాత్రి ఒక్క బల్బు వెలుగులో 35 నుంచి 40 ఈ ఇంటికి సరిపోయాయి. మీ ఇంటికి ఎంత కావాలో తెలియాలంటే తెల్ల తెర వచ్చినప్పుడు కళ్ళు చికిలిస్తున్నారేమో చూడండి. చికిలిస్తే ఎక్కువైనట్టు. ఇక్కడ ఒక తిరకాసు ఉంది. కొన్ని కంపెనీల టీవీల్లో ఈ వెనక దీపానికే Brightness అని పేరు పెట్టి, మిగతావాళ్ళు Brightness అనే దానికి Black Level అని పేరు పెడతారు. మెనూలో Black Level అనే గుండీ విడిగా ఉంటే, మీ టీవీలో Brightness అంటే దీపమేనని అర్థం. కేబుల్ బాక్సు పెట్టిన చోట మాత్రమే కనపడే, Low, Normal అని రెండే మాటలుండే HDMI Black Level వేరు, దాన్ని అలాగే వదిలేయండి.

రెండోది Brightness. పేరు వెలుతురుదే అయినా ఇది నిజానికి నలుపును సరిచేసే గుండీ. పేరు పెట్టినవాడిని నేను ఇప్పటికీ తిట్టుకుంటాను. వార్తలు చదివే అతని నల్ల కోటు వైపు అక్కయ్యను చూడమన్నాను.

"కాలర్ పట్టీ ఎక్కడ మొదలైందో కనపడుతోందా?"

"లేదు, అంతా ఒకటే నల్ల ముద్ద."

ఎవరో 50 మీద ఉన్నదాన్ని 42 చేశారు. ఒక్కొక్క అంకే పెంచుకుంటూ వచ్చాను. 46 దగ్గర కాలర్ మడత కనపడింది. 49 దగ్గర జేబు కుట్టు కనపడింది. 55కి వెళ్ళేసరికి కోటు మాసిపోయి బూడిదరంగుకు తిరిగింది.

"ఆగు, ఇప్పుడు ఉతికి ఉతికి వెలిసిన నల్ల గుడ్డలా ఉంది," అంది. సరిగ్గా అదే గుర్తు. మడత కనపడాలి, గుడ్డ వెలవకూడదు. 50 దగ్గర ఆపాను. చాలా టీవీల్లో కంపెనీ పెట్టిన అంకే సరైనది. మనవాళ్ళు పేరు చూసి "బ్రైట్‌నెస్ పెంచుదాం" అని దాన్ని కదిపి చెడగొడతారు.

మూడోది Contrast. ఇది తెలుపును చూసుకుంటుంది. నాయకుడి ఖద్దరు చొక్కాలో నేత, గుండీల పట్టీ కనపడాలి. 100 మీద చొక్కా మొత్తం ఒక తెల్ల కాగితంలా ఉంది. 88కి దిగాక గుండీలు లెక్కపెట్టగలిగాం. నాలుగు.

ఆ తర్వాత వచ్చేదే అందరూ తిరగబడే చోటు: Color Tone, లేదా Color Temperature. Cool, Standard, Warm అని ఉంటాయి. Movie మోడ్‌లో Warm ఉంటుంది. ఆ సాయంత్రం అక్కయ్య కూడా తిరగబడింది.

"ఏంటి తమ్ముడూ, తెల్ల చొక్కాకు పసుపు పట్టినట్టుంది?"

"తెల్ల పంచెకు నీలిమందు ఎందుకు వేస్తారు అక్కా?"

"తెల్లగా కనపడాలని."

"అంటే తెలుపు మీద నీలం కలిపితే కంటికి ఇంకా తెల్లగా అనిపిస్తుంది. Cool అంటే టీవీకి నీలిమందు పెట్టడమే. షాపులో అన్ని టీవీలకూ అదే పెడతాం. ఖద్దరుకు బాగుంటుంది, మనిషి మొహానికి నీలిమందు పెడితే ఎలా ఉంటుంది? ఆ పాలిపోయిన మొహాలకు ఒంటి రంగు తేవాలని మళ్ళీ ఎరుపు పెంచుతారు. నువ్వు చెప్పిన కుంకుమ మొహాలు అలా వచ్చినవే."

సినిమాలనూ టీవీ కార్యక్రమాలనూ రంగు దిద్దే గదుల్లో తెలుపుకు ఒక కొలత ఉంటుంది, 6500 కెల్విన్‌కు దగ్గరగా. ఇంచుమించు మేఘం పట్టిన పగటి వెలుతురు. చాలా టీవీల్లో Warm అన్నదే దానికి దగ్గర. ఫోన్ నీలపు తెలుపుకు అలవాటు పడిన కళ్ళకు మొదట పసుపుగానే అనిపిస్తుంది, అది టీవీ తప్పు కాదు. మూడు రోజులు ముట్టుకోకుండా చూడమన్నాను. అప్పటికీ నచ్చకపోతే Standard పెట్టుకోమన్నాను, Cool వద్దన్నాను. కొన్ని టీవీల్లో Warm1, Warm2 అని రెండు ఉంటాయి. మొదటి వారం Warm1తో సర్దుకున్నా ఏమీ నష్టం లేదు.

Color అనే గుండీని 50 దగ్గరే వదిలేశాను. అది సరిగ్గా ఉందో లేదో చూడటానికి మొహం ఒక్కటే చాలదు. బొట్టు పెట్టుకున్న ఆవిడ నుదురు చూడాలి. కుంకుమ బొట్టు అంచు నుదుటి నుంచి స్పష్టంగా విడిపోవాలి, ఎరుపు చర్మంలోకి కారినట్టు ఉండకూడదు. కారుతుంటే రంగు ఎక్కువైంది. ఆ రోజు వచ్చిన సీరియల్ ప్రకటనలో పట్టుచీర అంచును అక్కయ్యే గుర్తుపట్టింది: "ఇప్పుడు జరీ జరీలా ఉంది. పొద్దున నారింజ రిబ్బనులా ఉండేది."

Sharpness దగ్గర తప్పకుండా ఆగాలి. 60 మీద ఉంది. తెర దగ్గరికి పిలిచి, వార్తల్లో నల్ల అక్షరాల చుట్టూ చూడమన్నాను. ప్రతి అక్షరం చుట్టూ సన్నని తెల్ల గీత. టీవీ కొత్త వివరాన్ని తేలేదు కాబట్టి అంచుల వెంబడి ఇలా గీత గీసి, స్పష్టంగా ఉందనిపిస్తుంది.

"అంచుకు ఓవర్‌లాక్ కొట్టినట్టు," అంది.

అవును, లోపల గుడ్డ మాత్రం అదే. తగ్గించుకుంటూ వచ్చి ఆ తెల్ల గీత పోయిన చోట, 10 దగ్గర ఆగాం. కొన్ని కంపెనీల టీవీల్లో ఆ గీత లేని చోటు 0 కాదు, 50 దగ్గర ఉంటుంది, ఇంకా దించితే బొమ్మ మసకేస్తుంది. అందుకే అంకెను నమ్మకండి, అక్షరం అంచును చూడండి.

చివరిగా కదలిక. సినిమా తీసేది సెకనుకు 24 బొమ్మలతో. కొన్ని టీవీలు మధ్యలో లేని బొమ్మల్ని తామే తయారుచేసి ఇరికిస్తాయి. అప్పుడు పెద్ద సినిమా కూడా సీరియల్ షూటింగ్‌లా జారుడుగా కనపడుతుంది, వేగంగా తిప్పిన చెయ్యి చుట్టూ మసక గుడ్డ చుట్టినట్టు అవుతుంది. మెనూలో దీనికి ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెట్టింది: TruMotion, Motionflow, Auto Motion Plus. సినిమాలకు ఆపేయడమే నా మాట. క్రికెట్ చూసే ఇంట్లో తక్కువ స్థాయిలో ఉంచుకోవచ్చు. ఈ ఇంట్లో క్రికెట్ లేదు, ఆపేశాను.

ఇక్కడ చాలామంది మోసపోయే సంగతి ఒకటి. ఈ పెట్టినవన్నీ ఎక్కువ టీవీల్లో ఆ HDMI 1కి మాత్రమే. యూట్యూబ్ తెరిస్తే పాత రంగులే వస్తాయి. మెనూలో Apply Picture Settings లాంటిది ఉంటే All Sources పెట్టాలి, లేకపోతే యూట్యూబ్ తెరిచి ఉండగానే ఇంకోసారి పెట్టుకోవాలి. అమ్మాయి అప్పటికే నేర్చుకుంది, రెండోసారి తనే పెట్టింది.

సౌండ్: పెంచడం కాదు, దారి ఇవ్వడం

మామ్మగారు ఇంతసేపూ మంచం మీద కూర్చుని మా ముగ్గుర్నీ చూస్తున్నారు. సౌండ్ 38 మీద ఉంది. ఆవిడకు శబ్దం వినపడుతోంది, మాట వినపడటం లేదు. ఈ తేడా పట్టుకోకుండా ఎంత పెంచినా లాభం లేదు.

వయసు మీద పడితే చెవి ముందుగా పోగొట్టుకునేది సన్నని శబ్దాల్ని. మన మాటలో అచ్చుల బలం కింది స్వరాల్లో ఉంటుంది, స, శ, త, క లాంటి హల్లుల పదును పైన ఉంటుంది. పైది పోతే "పాలు", "కాలు", "తాలు" మూడూ "ఆలు" లాగే వినపడతాయి. సౌండ్ పెంచితే ఆ "ఆ"యే పెద్దదవుతుంది. దానికి తోడు సీరియల్ వాళ్ళ డప్పు.

సెట్టింగ్స్‌కు ముందు టీవీని చూశాను. అక్కయ్య ముచ్చటపడి టీవీకి లేసు కవర్ కుట్టింది. ముత్యాల అంచు, మధ్యలో నెమలి. అది పై నుంచి జారి కింది అంచును పూర్తిగా కప్పేసింది. ఈ పల్చటి టీవీల్లో స్పీకర్లు ముందుకు ఉండవు, కిందికి తిరిగి ఉంటాయి. శబ్దం కింద బల్ల మీద పడి ఎగిరి మన వైపు రావాలి. ఇక్కడ కింద దుప్పటి గుడ్డ, ముందు లేసు. టీవీ పెట్టింది కూడా గోడ గూట్లో, అడుగు లోపలికి.

"నెమలి తీయాలా?" అంది బాధగా.

"టీవీ ఆపాక కప్పు అక్కా. ఆడుతున్నప్పుడు మాత్రం వద్దు. వెనక గాలి రంధ్రాలు కూడా మూసుకుపోయి వేడెక్కుతుంది."

గుడ్డ తీసి, టీవీని బల్ల అంచు దాకా ముందుకు జరిపాం, పడిపోకుండా నాలుగు వేళ్ళ జాగా వదిలి. ఏ బటనూ నొక్కకుండానే మాట విచ్చుకుంది.

ఇక మెనూ. Sound Mode లో Clear Voice, Speech లేదా News అనే పేరుతో ఒకటి ఉంటుంది, అది పెట్టాను. Surround ఆపేశాను. రెండు చిన్న స్పీకర్లతో చుట్టూ శబ్దం వస్తున్న భ్రమ కలిగించడానికి టీవీ మాటను పక్కలకు పరుస్తుంది, మామ్మగారికి అది పనికిరాదు. తర్వాత Equalizer. ఐదు కర్రలు కనపడ్డాయి: 100Hz, 300Hz, 1kHz, 3kHz, 10kHz. 100Hz కర్రను మూడు గీతలు దించాను, డప్పు తగ్గింది. 3kHz కర్రను రెండు గీతలు ఎత్తాను, హల్లుల పదును ఉండేది ఆ చుట్టుపక్కలే. 10kHzని ముట్టుకోలేదు, ఎత్తితే "స" బుసకొడుతుంది. కొన్ని టీవీల్లో Clear Voice పెట్టగానే ఈ కర్రలు మూతపడిపోతాయి. అప్పుడు రెండిటిలో ఏది చెవికి బాగుందో దాన్నే ఉంచుకోవాలి.

పరీక్ష మామ్మగారికే. అమ్మాయి సౌండ్ 20 నుంచి ఒక్కొక్కటే పెంచుతుంది, వార్తల్లో చివరి మాట ఏమిటో మామ్మగారు చెప్పాలి. 20కి తల ఊపలేదు. 22కి "ఏదో ధర అంటున్నాడు" అన్నారు. 24కి "పామాయిల్ గెలలు" అన్నారు. 38 నుంచి 24కి దిగింది, అక్కయ్య చెవులకు కూడా విశ్రాంతి.

మధ్యలో ప్రకటన వచ్చి ఇల్లు అదిరింది. దానికి Auto Volume ఉంది. గట్టి శబ్దాన్ని దించి, నెమ్మది శబ్దాన్ని కాస్త ఎత్తి పెడుతుంది. పాటలు వినేటప్పుడు ఇది ఎక్కడానికీ దిగడానికీ లేకుండా చదును చేసేస్తుంది, అప్పుడు ఆపుకోవాలి. ఇంకొకటి, కేబుల్ బాక్సుకు కూడా సొంత సౌండ్ ఉంటుంది. దాన్ని దాదాపు పూర్తిగా పెట్టి, పెంచడం తగ్గించడం టీవీ రిమోట్‌తోనే చేయాలి. బాక్సులో తగ్గించి టీవీలో పెంచితే మాటతో పాటు గరగర కూడా పెరుగుతుంది. కొన్ని ఛానళ్ళలో బొమ్మ వచ్చి శబ్దం అసలే రాకపోతే, బాక్సు ఆడియో మెనూలో Dolby బదులు PCM పెడితే చాలాసార్లు వస్తుంది.

సౌండ్‌బార్ ఒకటి అంటగట్టి ఉండొచ్చు, బేరం పోగొట్టుకున్నాను. కానీ మామ్మగారి చెవిని ఒకసారి డాక్టరుకు చూపించమని మాత్రం చెప్పాను, గులిమి గడ్డకట్టినా ఇలాగే ఉంటుంది.

పోని లోపాలు

రాత్రి లైటు ఆపి చూస్తే నల్ల తెర నల్లగా ఉండదు, బొగ్గు పొడి చల్లినట్టు ఉంటుంది. ఎల్‌ఈడీ టీవీలో వెనక దీపం వెలుగుతూనే ఉంటుంది కాబట్టి కొంచెం వెలుగు కారుతుంది. Brightness తగ్గించి దాన్ని పోగొట్టాలని చూస్తే కోటు మడతలు మళ్ళీ పోతాయి. టీవీ వెనక గోడ మీద పడేలా ఒక చిన్న బల్బు వేసుకుంటే కంటికి ఆ నలుపు నలుపులా అనిపిస్తుంది, కళ్ళూ లాగవు. పక్కన కూర్చుంటే రంగు వెలిసినట్టు కనపడటం కూడా కొన్ని తెరల స్వభావం, దానికి గుండీ లేదు. మామ్మగారి మంచం టీవీకి ఎదురుగా జరపడం ఒక్కటే మార్గం, జరిపాం.

వచ్చేముందు బిల్లు పుస్తకంలోంచి ఒక కాగితం చింపి రాసిచ్చాను:

సినిమా మోడ్. దీపం పగలు 70, రాత్రి 38.
బ్రైట్‌నెస్ 50, ముట్టుకోవద్దు. కాంట్రాస్ట్ 88. కలర్ 50.
షార్ప్‌నెస్ 10. వార్మ్.
సౌండ్ 24. క్లియర్ వాయిస్. పాటలప్పుడు ఆటో వాల్యూమ్ ఆపాలి.

అవి ఆ టీవీకి, ఆ గదికి కుదిరిన అంకెలు. మీ ఇంట్లో కోటు మడత, ఖద్దరు గుండీ, బొట్టు అంచు చూసి మీవి మీరే రాసుకోవాలి. అక్కయ్య ఆ కాగితాన్ని కుట్టుమిషన్ పక్కన, కొలతల కాగితాలు గుచ్చే మేకుకే గుచ్చింది.

నాలుగో రోజు ఫోన్ వచ్చింది. మళ్ళీ ఏం చెడిందో అని భయపడుతూనే ఎత్తాను.

"తమ్ముడూ, నిన్న పక్కింటికి వెళ్ళాను. వాళ్ళ టీవీలో అందరికీ నీలిమందు ఎక్కువైంది. ఒకసారి వచ్చి చూస్తావా అని అడగమన్నారు."